బంగళా కట్టిన ఏడు ఆ ఇద్దరూ కలిశారా

నా చేతికి పెన్సిలూ స్కేలూ ఇస్తే ఎంత పెద్ద కథయినా రెండు గీతల మీదికి రావాల్సిందేనని మా ఆయన వేళాకోళం చేసేవారు. ముప్పై ఏళ్లు ఖమ్మంలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పాను. ఫలానా గొప్పాయన ఫలానా గొప్పాయనను కలిశాడని ఎవరైనా అంటే, వెంటనే కాగితం మీద రెండు అడ్డగీతలు గీస్తాను. పైన ఒకరి పుట్టుక నుంచి చావు దాకా. కింద రెండో ఆయనది. ఆ గీతలు ఎక్కడా ఒకదాని కిందికి ఒకటి రాకపోతే కథ కంచికే. వచ్చాయనుకోండి, అప్పుడు అసలు పని మొదలవుతుంది. ఆ కలిసిన ముక్కలో ఏ ఏడు ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో చూసుకుంటూ చుక్కలు పెట్టాలి. ఒకే కాలంలో బతికినంత మాత్రాన ఒకే చాప మీద కూర్చున్నట్టు కాదు కదా.

ఈ పిచ్చి నేను క్లాసుకే పరిమితం చేసి ఉంటే బాగుండేది. మా ఆయన పెళ్లయిన కొత్తలో ఒక కథ చెప్పేవారు. పెళ్లిచూపులకు ముందే ఒక ఏడు శ్రీరామనవమికి భద్రాచలం బస్సులో నన్ను చూశారట. కిటికీ పక్కన కూర్చున్నానట, చీర కొంగు బయటికి ఎగురుతుంటే కండక్టరు కేకలేశాడట. చుట్టాలందరి ముందు ఆ కథ ఎంత ముచ్చటగా చెప్పేవారో. నాలుగోసారి చెప్పినప్పుడు నేను అడ్డం తగిలాను. ఆయన చెప్పే ఏడు శ్రీరామనవమికి నేను హనుమకొండ హాస్టల్లో ఎమ్మే పరీక్షలు రాస్తున్నాను. హాల్ టికెట్ కూడా తెచ్చి చూపించాను. చుట్టాలు విరగబడి నవ్వారు. ఆయనా నవ్వి, "సరే లెక్చరర్ గారూ, మీరే గెలిచిండ్రు" అన్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ కథ చెప్పలేదు. ఆయన పోయి ఐదేళ్లయింది. ఇప్పుడు ఆ కథ ఒక్కసారి వినడానికి ఏమివ్వమన్నా ఇస్తాను.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక స్థానిక చరిత్ర పుస్తకాలకు తప్పులు దిద్దే పని పెట్టుకున్నాను. అట్లా రెండేళ్ల కింద, భద్రాచలం అవతల అడవిలో ఉన్న ఒక చిన్న చర్చి వాళ్లు నూరేళ్ల సంచిక వేస్తూ నన్ను పిలిచారు. సంచికలో వచ్చే ప్రతి వ్యాసం ముందు నా పెన్సిలు కిందికి రావాలి. కమిటీ కార్యదర్శి రిటైరైన హెడ్మాస్టరు. మొదటి రోజే ఒక కాగితం నా ముందు పెట్టి, "మేడం, ఇది ఒక్కటి మీరే తేల్చాలె. యాభై ఏండ్ల నుంచి నానుతున్నది" అన్నాడు.

అది ఒక ముసలామె నోటితో చెప్పి రాయించింది. ఆమె తండ్రి ఆ అడవి ఊళ్లోనే పుట్టిన కోయ మనిషి. పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకుని అదే చర్చి బడిలో పంతులుగా చేశాడు. ఆయన చిన్నప్పుడు తన కళ్లతో చూశానని చెప్పిన సంగతి ఇది. గోదావరి కింది నుంచి వచ్చిన ఒక పాటల భక్తుడు, ఆ అడవి పల్లెలను ఒక్కతాటి మీద నడిపిన పెద్ద పటేలు, ఇద్దరూ ఆ ఊళ్లో ఒక పూటంతా ఎదురెదురుగా ఉన్నారని. పాటల భక్తుడంటే తెలుగు చర్చిల్లో పాటలు పాడే ప్రతివాళ్లకూ తెలిసిన మనిషి. పాటల పుస్తకాల్లో తెల్ల తలపాగతో ఆయన బొమ్మ ఉంటుంది. పటేలు పేరు అడవిలో ఇప్పటికీ ప్రమాణం చేసేటప్పుడు వాడతారు. అలాంటి ఇద్దరు కలవడమంటే మాటలా!

యాభై ఏళ్ల పండుగ సంచికకు కూడా ఆ పంతులు ఈ సంగతి రాసి ఇచ్చాడట. అప్పటి ఫాదరీ నిండు సభలో కాగితం ఊపుతూ, మన పంతులు పగటికలలు కంటున్నాడని ఎగతాళి చేశాడట. సభంతా నవ్వింది. పంతులు ఆ తర్వాత రెండేళ్లే బతికాడు. తన తండ్రి అబద్ధాలకోరు కాదని ఒక్క పేజీలో అచ్చు కావాలని, అది చూసి కళ్లు మూస్తానని కూతురు పట్టుబట్టి కూర్చుంది. ఆమెకు ఎనభై ఆరు.

ఆమె సత్తుపల్లిలో కూతురి దగ్గర ఉంటుంది. తల్లాడ మీదుగా బస్సులో వెళ్లాను. నన్ను చూడగానే మంచం మీద లేచి కూర్చుని, నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, మా నాన్న ఈ సంగతి ఎప్పుడు చెప్పినా ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. అబద్ధమైతే ఏదో ఒకసారన్నా మారేది గదా?"

"చెప్పు పెద్దమ్మా, మొత్తం చెప్పు" అన్నాను. మనసులో మాత్రం, బాగా బట్టీపట్టిన అబద్ధం కూడా మారదు అనుకున్నాను. నా బుద్ధి అంతే.

ఆమె చెప్పింది. పంతులుకు అప్పుడు ఏడెనిమిదేళ్లు. పటేలు తూర్పుకు తిరిగి నిటారుగా ఉన్నాడు. కొత్త బట్ట కప్పుకుని ఉన్నాడు. వండినవి అందరికంటే ముందు ఆయనకే పెట్టారు. పాటల భక్తుడు కింద కూర్చుని ఒక పాట ఎత్తుకున్నాడు, ఇప్పటికీ గుళ్లో పాడేదే. పొద్దు వాలేదాకా పాడుతూనే ఉన్నాడు. ఆడవాళ్లంతా ఏడ్చారు. పటేలు మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు.

"ఒక్క మాట కూడా?"

"ఒక్కటి గూడ లేదంట. ఎందుకు మాట్లాడలే నాయనా అని నేను అడిగేదాన్ని. పెద్దోళ్లు గంతే బిడ్డా అనేటోడు. నాకు చిన్నప్పటి నుంచి అదొక్కటే రంది. అంత మంచిగ పాడితే ఒక మాటన్న అనొద్దా?"

ఇంటికొచ్చి గీతలు గీశాను. ఇందులో ఎవరి పేర్లూ రాయడం లేదు కాబట్టి సంవత్సరాలు కూడా వేయను. ఆ ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఫారెస్టు బంగళా ఒకటి ఉంది. కట్టిన సంవత్సరం గుమ్మం పైన రాతిలో చెక్కి ఉంది. ఆ చుట్టుపక్కల ముసలివాళ్లకు ఏ లెక్కయినా బంగళా ముందు, బంగళా వెనక అనే. నేనూ అట్లాగే చెబుతాను.

పాటల భక్తుడి గీత చాలా శుభ్రంగా వచ్చింది. బంగళాకు నలభై రెండేళ్ల ముందు పుట్టాడు, బంగళా తర్వాత తొమ్మిదేళ్లకు పోయాడు. ఆయన ఎక్కడెక్కడ ఉన్నాడన్నది కూడా దొరికింది. బంగళాకు ముందు పదిహేనేళ్లు గోదావరి కింది జిల్లాలో ఒక బడిలో పని. హాజరు పుస్తకాల్లో నెలనెలా సంతకం ఉంది. సెలవుల్లో కూడా ఉపదేశకుల తరగతులు నడిపాడు, వాటి జాబితాల్లో పేరుంది. ఆ రోజుల్లో అక్కణ్ణుంచి ఈ అడవికి వచ్చి పోవాలంటే లాంచీ, ఎడ్లబండి, కాలినడక కలిపి నెల పట్టేది. మధ్యలో గుట్టుగా వచ్చిపోవడం కుదరదు. అంతకు ముందంటే పంతులు పుట్టనే లేదు. ఆయన దినచర్య పుస్తకం ప్రకారం, బంగళా కట్టిన ఏడు చలి తగ్గుతుండగా లాంచీలో ఎగువకు వచ్చాడు, ఎండలు ముదిరాక తిరిగి వెళ్లాడు. మరుసటేడు జబ్బుపడి మద్రాసు చేరాడు. మళ్లీ ఇటు రాలేదు. అంటే ఆ ఇద్దరూ కలవడానికి ఉన్నది ఒక్కటే సందు. బంగళా ఏడు, ఆ రెండు నెలలు.

పటేలు గీత ఇంత శుభ్రంగా లేదు. పుట్టిన ఏడు ఎవరికీ తెలియదు. చావు మాత్రం మూడు చోట్ల దొరికింది. ఊరి దగ్గర ఆయన గుర్తుగా పెట్టిన బోర్డు మీద ఒకటి, బడివాళ్లు వేసిన ఊరి చరిత్ర పుస్తకంలో ఒకటి, ఒక పత్రికా వ్యాసంలో ఒకటి. మూడూ బంగళా కట్టిన ఏడే అంటున్నాయి. ఏ నెలో లేదు. భక్తుడు వచ్చే నాటికి పటేలు బతికి ఉండి, తర్వాత పోయి ఉండొచ్చు. గీతలు ఆ చివర్న ఒకదాని కిందికి ఒకటి వచ్చాయి.

నా పెన్సిలుతో ఆ పేజీ పక్కన "సాధ్యమే" అని రాశాను. సాధ్యమంటే జరిగిందని కాదని పిల్లలకు వందసార్లు చెప్పినదాన్ని. ఆ మాట పెద్దమ్మకు ఫోన్లో చెప్పినప్పుడు ఆమె అటువైపు వెక్కివెక్కి ఏడ్చింది. "జరిగిందన్నరే! మేడం జరిగిందన్నరే!" అని ఇల్లంతా వినిపించేలా కూతురికి చెబుతోంది. దిద్దాల్సింది. దిద్దలేదు. సంచికలో ఆ కథకు ఒక పేజీ ఖాయమైంది, అచ్చుకు ముందు ప్రూఫు కూడా వచ్చింది.

పేజీకి పటేలు బోర్డు ఫొటో కావాలన్నారు. ఫొటో కోసం ఎవరినో పంపితే సరిపోయేది. నేనే బయల్దేరాను. ఊరి బయట ఇప్పచెట్ల కింద, పోయినవాళ్ల గుర్తుగా నిలబెట్టిన పదిహేను ఇరవై నిలువురాళ్లు ఉన్నాయి, కొన్ని నడుమెత్తువి, కొన్ని మోకాలెత్తువి. వాటిలో పెద్దదాని పక్కన నీలం రంగు బోర్డు. పటేలు మునిమనవడు నన్ను తీసుకెళ్లాడు. డెబ్బై దాటిన మనిషి, ఊరి పూజలు ఆయనే చేస్తాడు. ఇంట్లో వాళ్లతో కోయలో మాట్లాడుతూ నాతో తెలుగులోకి మళ్లేవాడు.

నేను ఫోను ఎత్తి ఫొటో తీసుకుంటుంటే ఆయన ఊరికే అన్నట్టు అన్నాడు. "బోర్డు మీద తప్పు రాసిండ్రమ్మా. రాయించిన బడి సారుకు చెప్పినం. పెయింటు ఎండిపోయింది, ఏం జేస్తం అన్నడు."

"ఏం తప్పు అన్నా?"

"గది మా తాత పోయిన ఏడు గాదు. గీ రాయి నిలబెట్టిన ఏడు. సారు మైదానం నుంచి వచ్చినాయన. రాయి ఎప్పుడు పెట్టిండ్రని అడిగిండు, బంగళా కట్టిన ఏడని మావోళ్లు చెప్పిండ్రు. చచ్చిన ఏడే పెడతరు గదా అనుకుని రాసిండు."

నా చెయ్యి ఫోనుతో పాటు కిందికి దిగింది. "మరి ఎప్పుడు పోయిండు?"

"మూడు పంటల ముందు. రాయి పెట్టాలంటే ఊరికే అయితదా? ఆవులు గావాలె, చుట్టాలంత రావాలె, తిండిగింజలు గావాలె. ఆ రోజుల్ల పశువులకు రోగమొచ్చి మందలు ఖతమయినయంట. మళ్ల ఆవులు అయ్యేదాక ఆగిండ్రు. కొందరికి పదేండ్లు గూడ ఆగుతం."

అప్పుడు నాకు అర్థమైంది నేను చేసిన ఘనకార్యం. పుస్తకం బోర్డు చూసి రాశారు. వ్యాసం పుస్తకం చూసి రాశారు. మూడు సాక్ష్యాలని నేను లెక్కపెట్టినవి ఒక్కటే సాక్ష్యం. ఒకరిని చూసి ఒకరు రాసిన మూడు పరీక్ష పేపర్లు మూడు జవాబులు కావని క్లాసులో ఎంత నోరు పారేసుకునేదాన్నో. నా క్లాసులో నేనే ఫెయిలయ్యాను.

మునిమనవడి మాట ఒక్కటే పట్టుకుని తేల్చకూడదు. నా పాత విద్యార్థిని ఒకామె పాత తాలూకా కాగితాలు ఉన్న ఆఫీసులో పని చేస్తుంది. గ్రామ పెద్దల జాబితాలు వెతికిపెట్టమన్నాను. వారం తర్వాత ఫొటో పంపింది. బంగళాకు రెండేళ్ల ముందటి జాబితాలో ఆ ఊరి పటేలుగా కొడుకు పేరుంది, పక్కన తండ్రి పోయినందువల్ల అని. ఎవరిని చూసీ రాసింది కాదు, ఆ నాటి గుమాస్తా రాసుకున్నది. అంటే ఎంత తక్కువనుకున్నా రెండేళ్ల ముందే పటేలు లేడు. మునిమనవడి మూడు పంటల లెక్కా, అంటే మూడేళ్లు, అందులో ఇమిడిపోయింది. పటేలు గీతను రబ్బరుతో వెనక్కి తుడిచాను. భక్తుడు అడవిలో ఉన్న ఆ రెండు నెలలకూ పటేలు గీతకూ మధ్య తెల్లకాగితం మిగిలింది. ఇద్దరూ కలవలేదు. కలవడానికి వీల్లేదు.

కార్యదర్శి తల పట్టుకున్నాడు. "మేడం, పేజీ సెట్టయింది. ముసలామె సంబురపడుతున్నది. ఎవడొచ్చి చూస్తడు? ఉండనియ్యుండ్రి."

"ఇంకో యాభై ఏళ్లకు నాలాంటిది ఇంకొకతె వచ్చి చూస్తుంది. అప్పుడు పంతుల్ని మళ్లీ సభలో నిలబెట్టి నవ్వుతారు" అన్నాను. కోపంగానే అన్నాను. ఆ కోపం ఆయన మీద కాదు.

సత్తుపల్లి వెళ్లడానికి మూడు రోజులు కాళ్లు రాలేదు. హాల్ టికెట్ తెచ్చి చూపించిన రోజు మా ఆయన ముఖం గుర్తొస్తూనే ఉంది. అప్పుడు నవ్వారనే అనుకున్నాను. ఇప్పుడు అంత ఖాయంగా చెప్పలేను. గెలిచినప్పుడు ఎదుటివాళ్ల ముఖం మనకు కనపడదు. ఇప్పుడు ఇంకొకరి దగ్గరికి అలాంటి కాగితమే పట్టుకుని వెళ్లాలి. ఈమెకేమో నవ్వి సర్దుకునేంత ఆయుష్షు కూడా మిగల్లేదు.

ఆ మూడు రోజులూ ఆమె చెప్పినప్పుడు రాసుకున్న నోట్సు తిరగేస్తూ కూర్చున్నాను. తప్పు సంవత్సరంలో ఉంది, సరే. మరి మిగతాదంతా ఎక్కణ్ణుంచి వచ్చింది? అబద్ధం ఆడేవాడు పటేలు చేత నాలుగు గొప్ప మాటలు మాట్లాడించేవాడు. కౌగిలించుకున్నాడని చెప్పేవాడు. ఈ పంతులు ఒక్క మాటా మాట్లాడించలేదేమిటి? ఆడవాళ్లను ఎందుకు ఏడిపించాడు?

మునిమనవడికి ఫోను చేశాను. కథ సంగతి చెప్పలేదు. చెబితే ఆయన జవాబు దానికి తగ్గట్టు వస్తుందని భయం. రాయి నిలబెట్టే రోజు ఏమేం చేస్తారని మాత్రం అడిగాను.

"ఆ రోజు పోయినాయన ఊళ్లెకు వచ్చినట్టేనమ్మా. తూర్పుకు జూసేటట్టు నిలబెడతం. పసుపు పూస్తం, కొత్త బట్ట కప్పుతం. ముందు ఆయనకు పెట్టినంకనే మేం తింటం. ఆడోళ్లు ఏడుసుకుంట ఆయనతోటి మాట్లాడుతరు." మళ్లీ ఆయనే అందుకున్నాడు. "మా తాత రాయి పెట్టిన్నాడు ఏటి కింది నుంచి తెల్ల తలపాగ ఆయన ఎవరో వచ్చిండంట. ఎవరు పిలవలేదు, దారిన పోయేటోడే. ఏడుపులు ఇని ఆగిండంట. పొద్దుగూకేదాక పాట పాడిండంట. మా నాయన చెప్పేటోడు, పరాయి మనిషి అంతసేపు ఎవరు కూసుంటరు అని."

ఫోను పెట్టేశాను. మళ్లీ భక్తుడి దినచర్య పుస్తకం నకలు తీశాను. రోజూ నాలుగు ముక్కలు రాసే మనిషి. ఆ ఊరికి చేరిన రోజు రాశాడు, ఊరు దాటిన రోజు రాశాడు. మధ్యలో మూడు రోజులు ఖాళీ. అంతకుముందు ఆ ఖాళీని నేను జ్వరం అనుకుని వదిలేశాను.

సత్తుపల్లిలో పెద్దమ్మ నాకోసం కొత్త చీర కట్టుకుని కూర్చుంది. ప్రూఫు తెచ్చాననుకుంది. ఆమె మంచం పక్కన స్టూలు వేసుకుని, ముందు చేదే చెప్పాను. పటేలు అప్పటికే పోయాడని, బోర్డు తప్పని, తొందరపడింది నేనేనని. ఆమె ముఖం చూస్తూ చెప్పాను. ఈసారి ముఖం తిప్పుకోలేదు.

ఆమె కొత్త చీర కొంగు వేలికి చుట్టుకుంది. "అంటే మా నాన్న అబద్ధమాడిండా?" అంది.

"లేదు పెద్దమ్మా. ఒక్క ముక్క దాచిండు." రాయి సంగతి చెప్పాను. తూర్పు, కొత్త బట్ట, ముందు పెట్టడం, ఆడవాళ్ల ఏడుపు, తెల్ల తలపాగ. చెబుతుంటే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె పెరిగింది మిషను హాస్టల్లో. ఆ రాళ్ల వైపు చూడనిచ్చేవారు కాదట. ఆ పండుగ ఎట్లుంటుందో ఆమెకు జన్మలో తెలియదు.

"నాకు యాదికొచ్చింది" అంది ఉన్నట్టుండి. "సెలవులకు ఇంటికొస్తే ఒకసారి నాన్న నన్ను ఆ ఇప్పచెట్ల కింది నుంచి తీసుకపోయిండు. రుమాలు తీసి చేతిల పట్టుకుని నిలబడ్డడు, చానాసేపు. చర్చి అయ్యగారికి చెప్పకు బిడ్డా అన్నడు. నేను చెప్పలే. ఎవరికి చెప్పలే. మరిచిపోయిన గూడ." కళ్లు తుడుచుకుంది. "భక్తుడు రాయి ముందు పాడిండని చెప్తే, ఆ పాట మళ్ల గుళ్లె పాడనిచ్చేటోళ్లా? నాన్నకు ఆ పాటంటే పాణం. పాట కోసం రాయిని దాచిండు. గందుకే నవ్వులపాలయిండు."

అంతవరకు నేను ఆలోచించలేదు. నా గీతల్లో పుట్టుక ఉంటుంది, చావు ఉంటుంది, ఊరు ఉంటుంది. ఫలానా మాట ఎందుకు దాచాడన్నది ఏ గీత మీదా రాదు.

"ఇప్పుడు ఏం రాయమంటావు పెద్దమ్మా? రాయి సంగతి రాస్తే నాన్న దాచింది నేను బయటపెట్టినట్టవుతుంది. రాయకపోతే పేజీ లేదు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఉన్నదున్నట్టు రాయి బిడ్డా. పాటను ఇప్పుడు ఎవ్వరు ఆపలేరు. నాన్నను నవ్వినోళ్లు గూడ లేరు."

కార్యదర్శి భయపడుతూ కొత్త పేజీని ఇప్పటి ఫాదరీకి చూపించాడు. కుర్రాడు, ముప్పై ఐదు దాటలేదు. రెండుసార్లు చదివాడు. "పోయినవాళ్ల దగ్గర, ఏడ్చేవాళ్ల దగ్గర పాడకపోతే ఇంకెక్కడ పాడతాం మేడం? ప్రతి సమాధి కూటంలో నేను చేసేది అదే కదా" అని సంతకం పెట్టేశాడు. మొదటిసారి ఒక ఫాదరీని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

పేజీలో నేను రాసింది ఇది: ఆ ఇద్దరూ బతికుండగా కలవలేదు, కలిసే వీలు లేదు. పటేలు రాయి నిలబెట్టిన రోజు భక్తుడు అక్కడ ఉన్నాడని ఒకరి మాట ఒకరికి తెలియని రెండు ఇళ్లు చెబుతున్నాయి, దినచర్యలోని ఖాళీ దానికి అడ్డు రాదు. పంతులు చూసింది చూసినట్టే చెప్పాడు.

సంచిక వచ్చిన వారానికి పెద్దమ్మ నన్ను ఆ ఊరికి తీసుకెళ్లమంది. కూతురు వద్దన్నా వినలేదు. కారులో భద్రాచలం దాటి అడవిలోకి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. మునిమనవడు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పెద్ద రాయి ముందు వేశాడు. ఆమె కుర్చీ వద్దని నేల మీదే కూర్చుంది, మా ఇద్దరి భుజాలూ పట్టుకుని నెమ్మదిగా. సంచిక తెరిచి తన తండ్రి పేజీ రాయికి ఎదురుగా పెట్టింది. తర్వాత ఆ పాట ఎత్తుకుంది. దమ్ము లేదు, శ్రుతి లేదు, రెండు చరణాలే పాడగలిగింది. రాయి రాయిలాగే ఉంది.

నాకు దుఃఖం ఆగలేదు. ఆ ఏడుపు ఎందుకో ఆమెకు చెప్పాను. బస్సు, కొంగు, హాల్ టికెట్, అన్నీ. "సంవత్సరం తప్పని కథంతా కొట్టేశాను పెద్దమ్మా. ఇంకో ఏడు నవమి అయి ఉండొచ్చు. రెండేళ్ల ముందు మా అమ్మతో నేను నిజంగానే భద్రాచలం బస్సెక్కాను. అది అప్పుడు తట్టనే లేదు. చీర ఏ రంగుదో అడిగినా తేలిపోయేది. అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పే మనిషి లేడు."

ఆమె నా వైపు తిరిగింది. "పటేలు మాట్లాడలేదన్నడు మా నాన్న. వినలేదని మాత్రం ఎన్నడు అనలే" అంది. "అడుగు బిడ్డా."

ముందు సిగ్గేసింది. మునిమనవడు ఉన్నాడు, కారు డ్రైవరు ఉన్నాడు. అరవై ఆరేళ్లొచ్చాయి, ముప్పై ఏళ్లు ఆధారం ఆధారం అని అరిచిన నోరు. ఆ నోటితోనే రాయి వైపు తిరిగి అడిగాను.

"ఏమండీ, ఆ రోజు నా చీర ఏ రంగు?"